గోగ్రాసం

ఏ మెస్సులోనైనా అడుగుపెట్టగానే భానుదాస్ చూసేది కూరను కాదు, బల్ల తుడిచే గుడ్డను. ఆ గుడ్డను చూసి వంట ఎలా ఉంటుందో చెప్పేసేవాడు. ఇది పుట్టుకతో వచ్చిన విద్య కాదు. పుణె పక్కన భోసరీలో, లేత్ మిషన్ల మోత మధ్య, మూడేళ్ళలో నాలుగు మెస్సులు మారి, ఒకసారి పచ్చకామెర్లతో మంచాన పడి లేచి నేర్చుకున్న విద్య.

మొదటి మెస్సులో బల్ల తుడిచిన గుడ్డతోనే పళ్ళాలూ తుడిచేవారు. రెండో చోట అన్నంలో సోడా కలిపేవారు. నాలుగు ముద్దలకే కడుపు బిర్రబిగుసుకుపోయేది, సాయంత్రం నాలుగయ్యేసరికి మళ్ళీ నకనకలాడేది. మూడో చోట నెలకి ముప్పై రోజులూ ఒకటే ఎర్ర రస్సా, అంటే కారప్పులుసు. కూర పేరు మాత్రం రోజూ మారేది. ఆదివారం విందుకి చేసిన గులాబ్‌జామూన్ పాకం సోమవారం పొద్దున చీమలతో సహా షీరా అనే రవ్వకేసరిలో కలిసిపోయేది. ఇక నాలుగోది చెప్పడానికే నోరు రాదు. పైన నీళ్ళ ట్యాంకులో పావురం చచ్చి పడి ఉంది. ఎన్నాళ్ళై పడి ఉందో, ఆ నీళ్ళు ఎన్నాళ్ళు తాగారో ఆ భగవంతుడికే తెలియాలి. ఛీ! మనుషులు ఇంటికి దూరంగా ఒంటరిగా బతుకుతున్నారంటే వాళ్ళకి ఏం పెట్టినా చెల్లుతుందని ఎవరు చెప్పారో వీళ్ళకి.

ఆ నీళ్ళ పుణ్యాన కళ్ళు పచ్చబడి, భానుదాస్ రెండు నెలలు లాతూర్ దగ్గర తన ఊళ్ళో పడి ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి పని పోయింది. ఎలాగో కాళ్ళావేళ్ళా పడి కాంట్రాక్టు మీద ఒక గేర్ల ఫ్యాక్టరీలో చేరాడు. కాంట్రాక్టరు మొదటి రోజే మొహం మీద చెప్పేశాడు.

"చూడు, నాకు మిషన్ ఆగకూడదు. ఇంకోసారి మంచం పట్టావో, లాతూర్‌లోనే ఉండిపో. గేటు దాకా కూడా రావద్దు."

గదిలో నలుగురు. స్టవ్ వెలిగిస్తే సామాను వీధిలో పారేస్తానని ఇంటాయన తలుపు మీదే రాయించాడు. అంచేత భానుదాస్ ఉద్యోగం అతని చేతుల్లో కాక, ఎవరో వండిపెట్టే డబ్బాలో ఉంది. శుభ్రమైన తిండి దొరికితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు. అంతే లెక్క.

అలా వెతగ్గా వెతగ్గా మాలన్ కాకూ దొరికింది. వాళ్ళ వైపు కాకూ అంటే పిన్ని. మెస్సు నడిపే ప్రతి ఆడమనిషీ అక్కడ అందరికీ కాకూయే. ఈమెది కొంకణం. భర్త పోయాక ఇంటి వెనక వంటశాల పెట్టుకుని, మధ్యాహ్నం యాభై డబ్బాలు పంపించేది. రాత్రి ఆమె వరండాలోనే పంక్తి. భానుదాస్ వెళ్ళి, వంటిల్లు చూడందే చేరనన్నాడు. ఇంకో చోటైతే మెడ పట్టి గెంటేవాళ్ళు.

"చూడు నాయనా, తనివితీరా చూడు. చెప్పులు మాత్రం విప్పి చూడు" అందామె.

గిన్నెలు తళతళలాడుతున్నాయి. గుడ్డలు ఉతికి ఎండేసి ఉన్నాయి. బల్లలకొకటి, పళ్ళాలకొకటి. అన్నిటికంటే అతన్ని పడగొట్టింది మాత్రం మూలన ఉన్న ఒక స్టీలు బకెట్. దానికి మూత, మూతకి పసుపూ కుంకుమా.

"అదేంటి కాకూ?"

"గోగ్రాసం. నా ఇంట్లో మెతుకు పారెయ్యడం ఉండదు. నువ్వు తినలేకపోయింది కాలవలో దులపకు. డబ్బాలోనే ఉంచి పంపు. సందు చివర పాలమ్మే గవళీ ఆవు ఉంది, దాని నోటికి పోతుంది. నీకూ పుణ్యం, నాకూ పుణ్యం."

భానుదాస్ వాళ్ళమ్మ కూడా పొద్దున్నే పెనం మీది మొదటి రొట్టె ఆవుకి తీసిపెట్టేది. అతని కళ్ళు చెమర్చాయి. అప్పటికప్పుడే చేరిపోయాడు.

ఐదు నెలలు గడిచాయి. కళ్ళల్లో పసుపు పోయింది, బుగ్గలు కాస్త నిండాయి. అది చూసి ఫ్యాక్టరీలో ఒక్కొక్కరే అతని వెంట పడ్డారు. అతనే పదకొండు మందిని కాకూ దగ్గర చేర్పించాడు. వాళ్ళలో పెద్దవాడు వామన్‌రావ్. గ్రైండింగ్ మిషన్ మనిషి, యాభై దాటాయి, భార్యాపిల్లలు సాంగ్లీలో. అందరికీ ఆయన అన్న.

"మనకి ఐఎస్ఐ మార్కు వీడేరా" అనేవాడు వామన్‌రావ్, భానుదాస్ భుజం తట్టి. "వీడి నాలిక మీద పెట్టి చూసిందాకా నేను ముద్ద ఎత్తను."

భానుదాస్‌కి ఛాతీ ఉబ్బిపోయేది. మధ్యాహ్నం పన్నెండున్నరకి కాకూ దగ్గర పనిచేసే పోపట్ మోపెడ్ మీద డబ్బాలు తెచ్చి గేటు దగ్గర దింపేవాడు. మూత మీద రంగుతో నెంబర్లు. భానుదాస్‌ది పదిహేడు. మూడింటికి పోపట్ మళ్ళీ వచ్చి డబ్బాలు పట్టుకుపోయేవాడు. ఎవరికైనా సయించని కూర డబ్బాలోనే ఉండేది. ఎవరైనా కుక్కకి వెయ్యబోతే భానుదాస్ ఊరుకునేవాడు కాదు. "ఆవు నోటి దగ్గరిది లాక్కుంటావేంట్రా?" అని కసిరేవాడు.

ఇక అతని దొంగతనం ఒకటుంది, అదీ చెప్పాలి. అమ్మ పంపిన వెర్రినువ్వుల కారం. వెర్రినువ్వులు దోరగా వేయించి, వెల్లుల్లీ ఎండుమిరపా వేసి దంచిన నల్లటి పొడి. కొంచెం చేదు, కొంచెం కమ్మదనం. లాతూర్ వాడికి ప్రాణం లేచొస్తుంది. ఒక చిన్న సీసాలో పోసి జేబులో పెట్టుకుని తిరిగేవాడు. కామెర్లు వచ్చిన కడుపుకి కారం ఏమిటని వామన్‌రావ్ తిడతాడని ఒక భయం. పదకొండు మంది తలో చిటికెడూ అడిగితే సీసా ఖాళీ అవుతుందని ఇంకో బాధ. అందుకే మిషన్ వెనక్కి తిరిగి, ఎవరూ చూడకుండా చల్లుకునేవాడు.

ఆ సోమవారం సొరకాయ కూర. చప్పగా, నీళ్ళోడుతూ ఉంది. రెండు ముద్దలు తిని ఇక లాభం లేదని సీసా తీశాడు. వెనక నుంచి ఫోర్‌మన్ కేకేశాడు. చెయ్యి ఉలిక్కిపడింది. సీసాలో సగం కారం కూరలో ఒలికిపోయింది. అమ్మ దంచిన కారం! కూర తారులా నల్లబడింది. తినడానికి లేదు, పారెయ్యడానికి మనసొప్పలేదు. సగం కొరికిన చపాతీ ముక్కతో సహా మూత పెట్టేసి, పోనీ ఆవు తింటుందిలే అనుకున్నాడు. ఆవుకి కారం ఏమిటన్న ఆలోచనే రాలేదు మహానుభావుడికి.

మంగళవారం మొలకల కూర, ఉసళ్ వచ్చింది. సోపాన్ అనే కుర్ర ఆపరేటర్ మొదటి ముద్దకే కళ్ళు మూసుకున్నాడు.

"అబ్బా! కాకూ ఇవాళ ఏదో మందు పెట్టిందిరా."

"నిజమే" అన్నాడు వామన్‌రావ్ వేళ్ళు నాకుతూ. "ఇన్నాళ్ళకి చేతికి రుచి పట్టింది. ఏరా ఐఎస్ఐ, ఏంటిది? చెప్పు."

భానుదాస్ నోట్లో రెండో ముద్ద ఉంది. చేదు, దాని వెనక కమ్మదనం, దాని వెనక వెల్లుల్లి. ఊరెళ్ళి అమ్మ వంటింట్లో కూర్చున్నట్టుంది. డబ్బాలోకి చూశాడు. ఎర్ర రసం మీద నల్లటి నలకలు తేలుతున్నాయి. పక్కవాడి డబ్బాలో చూశాడు. అక్కడా ఉన్నాయి. కొంకణం ఆడమనిషి కొబ్బరి వేస్తుంది, చింతపండు బదులు కోకం వేస్తుంది గానీ వెర్రినువ్వులు ఆమె జన్మలో ముట్టి ఉండదు.

కుళాయి వెనక్కి పరిగెత్తి కక్కేశాడు. తన ఎంగిలి కూర, తన కొరికిన చపాతీ పడి ఉన్న కూర, ఉడికి వచ్చి పన్నెండు డబ్బాల్లో కూర్చుంది. తనది ఒక్కటే అయితే ఆ కక్కు అంతటితో తీరిపోయేది. ఐదు నెలలుగా తను లొట్టలేసుకుంటూ తిన్నది ఎవరెవరి నోటిదో! యాభై డబ్బాలు. ఎవడికి దగ్గు, ఎవడికి నోటిపూత, ఎవడు పాన్‌మసాలా నములుతూ తింటాడు! ఛీ ఛీ ఛీ!

అప్పుడే వెళ్ళి పదకొండు మందికీ చెప్పేస్తే కథ అక్కడే అయిపోయేది. చెప్పలేదు. ఒకవేళ పొరపాటైతే? కాకూకి ఎవరో లాతూర్ వాళ్ళు కారం ఇచ్చి ఉంటే? ఇంత మందిని చేర్చిన తన మాట ఏం కావాలి? ఇదంతా పైకి. లోపల అసలు సంగతి ఏమిటంటే, ఇంకో మెస్సు వెతుక్కునే ఓపిక అతనికి లేదు. రుజువు కావాలనుకున్నాడు. మిగిలిన ఉసళ్ తినకుండా, పక్క కొట్లో కొన్న గుప్పెడు ఎండుద్రాక్ష అందులో కలిపి, మూత బిగించి పోపట్‌కి ఇచ్చేశాడు. ఆ రాత్రి పంక్తికి పోలేదు.

బుధవారం బంగాళాదుంప రస్సా. సోపాన్ గట్టిగా కేకేశాడు.

"ఒరేయ్, కిస్‌మిస్! రస్సాలో కిస్‌మిస్ రా! కాకూకి లాటరీ తగిలిందేమో!"

"నాకు మూడొచ్చాయి" అన్నాడు వామన్‌రావ్ పిల్లాడిలా. నీళ్ళు తాగి ఉబ్బిన ద్రాక్షపళ్ళను ఒక్కొక్కటే నోట్లో వేసుకున్నాడు. "మా చిన్నదానికి ఇవంటే ప్రాణం."

భానుదాస్ డబ్బా తెరవలేదు.

"ఏరా, తినవేం?"

"కడుపు బాగాలేదన్నా."

వామన్‌రావ్ మొహం మారిపోయింది. దగ్గరికొచ్చి కనురెప్ప కిందికి లాగి చూశాడు. "తెల్లగానే ఉందిలే. మళ్ళీ ఆ పచ్చ రోగం గాని కాదు కదా? కాంట్రాక్టరుకి తెలిసిందంటే ఊరుకోడురా. ఇంద, నా అరటిపళ్ళు తిను. ఈ మజ్జిగ కూడా నువ్వే తాగు." తన సంచిలోంచి తీసి అతని ఒళ్ళో పెట్టాడు. "ఒరేయ్ సోపాన్, వీడి డబ్బా పారెయ్యకండి. తలా కాస్తా పంచుకోండి."

పంచుకున్నారు. భానుదాస్ అరటిపండు ఒలుచుకుంటూ చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మాట. ఒక్క మాట నోట్లోంచి ఊడిపడితే ఆ చేతులు ఆగిపోయేవి. ఊడిపడలేదు. ముందు కాకూని నిలదీసి తేల్చుకున్నాక చెబుతాను, సగం తెలిసి సగం తెలియకుండా చెబితే గోలైపోతుంది అని తనకి తను నచ్చజెప్పుకున్నాడు. అలా నచ్చజెప్పుకోవడం మహా తేలిక, కడుపు పక్కవాడిదైనప్పుడు.

డ్యూటీ దిగి తిన్నగా సందు చివరికి పోయాడు. గవళీ రావ్‌బా ఆవుకి చొప్ప వేస్తున్నాడు.

"మామా, మాలన్ కాకూ రోజూ ఆవుకి పెడుతుందట కదా?"

"ఎవరు, ఆ మెస్సావిడా?" రావ్‌బా నవ్వాడు. "మెస్సు పెట్టిన కొత్తలో ఒకసారి తెచ్చింది బకెట్టు నిండా. నూనే, కారం. నా ఆవు వాసన చూసి మొహం తిప్పుకుంది. ఇంకోసారి తేవద్దని చెప్పేశా. ఏడాది దాటింది. పాలిచ్చే ఆవయ్యా నాది, మీ ఫ్యాక్టరీ వాళ్ళ కడుపులనుకున్నావా?"

ఒళ్ళు మండిపోతూ వెళ్ళాడు. కాకూ పీట మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. మూలన ఆ బకెట్. పసుపూ కుంకుమా ఆ పూట కూడా తాజాగా పెట్టి ఉన్నాయి. అడక్కుండా మూత తీశాడు. మధ్యాహ్నపు రస్సా, బంగాళాదుంప ముక్కలు, పప్పు, నానిన చపాతీ అంచులు. ఆ అంచుల మీద పళ్ళ గుర్తులు. పుల్లటి వాసన గుప్పుమని ముక్కుకి తగిలింది.

"ఇదా కాకూ గోగ్రాసం? ఆవు మా పొట్టల్లో ఉందా?"

కాకూ చేతిలో వెల్లుల్లి రెబ్బ ఆగింది. అంతే. ఆ మొహంలో సిగ్గు అనే పదార్థం మచ్చుకైనా లేదు.

"అరవకు భాన్యా. ఆవు తినకపోతే నన్నేం చెయ్యమంటావ్? అన్నాన్ని కాలవలో పొయ్యనా? నా చేతులు రావు. పళ్ళగుర్తులున్న చపాతీ ఏరి పారేస్తాను. కూర మాత్రం మూడు పొంగులు పొంగిస్తాను. మీ అమ్మ రాత్రి కూర పొద్దున థాలిపీఠ్ రొట్టె పిండిలో కలపదా?"

"అది మా ఇంటి కూర! ఇది యాభై మంది ఎంగిలి!"

"ఉడికితే ఎంగిలెక్కడిదిరా? ఐదు నెలలు తిన్నావ్, చచ్చావా? నిన్ను మోసుకుపోయేట్టున్నప్పుడు వచ్చావు నా గుమ్మంలోకి. ఇప్పుడు అద్దంలో చూసుకో. నా గిన్నెలు చూశావ్, గుడ్డలు చూశావ్. ఎక్కడైనా మురికుందా చెప్పు!"

లేదు. అదే దారుణం. గిన్నెలు అద్దాల్లా ఉన్నాయి. మురికంతా ఆ కుంకుమబొట్టు కింద ఉంది.

అతను గుమ్మం దాటుతుంటే ఆమె వెనక నుంచి పిలిచింది.

"ఒరేయ్, ఆ నల్ల కారం నీదేనా? అందరూ తెగ మెచ్చుకున్నారట, పోపట్ చెప్పాడు. మీ అమ్మనడిగి రెండు కిలోలు తెప్పించు. రోజూ వేస్తాను."

భానుదాస్ రోడ్డు మీదికొచ్చి మళ్ళీ కక్కాడు. అరటిపళ్ళూ, మజ్జిగా, అన్నీ.

గురువారం డబ్బాలు రాకముందే, కుళాయి దగ్గర పదకొండు మందినీ నిలబెట్టి చెప్పాడు. బకెట్ సంగతి, గవళీ సంగతి. కిస్‌మిస్ తనే వేశానన్నాడు. కారం తనదేనన్నాడు. సోపాన్ అక్కడికక్కడే వాంతి చేసుకున్నాడు. ఒకడు కాకూని బూతులు తిట్టాడు. ఇంకొకడు ఇప్పుడే వెళ్ళి బకెట్ ఆమె నెత్తిన కుమ్మరిద్దామన్నాడు. ఆ కోపం చూసి భానుదాస్‌కి కాస్త ఊపిరాడింది. తన పని తను చేశాననుకున్నాడు.

వామన్‌రావ్ మాత్రం తిట్టలేదు. తలవంచుకుని వేళ్ళ మీద రోజులు లెక్కపెడుతున్నాడు.

"కారం మంగళవారం వచ్చింది కదూ?"

"అవునన్నా."

"అంటే మంగళవారమే తెలుసు నీకు."

"అనుమానం అన్నా... రుజువు కావాలని..."

"రుజువు" అన్నాడు వామన్‌రావ్. "బుధవారం నా డబ్బాలో మూడు కిస్‌మిస్‌లు వచ్చాయి. నీ ఎంగిలి ఉసళ్‌లోవి. నేను తింటుంటే నువ్వు నా ఎదురుగా కూర్చున్నావు. కడుపు బాగాలేదన్నావు. నా అరటిపళ్ళు తిన్నావు."

భానుదాస్ చెయ్యి జేబులోని సీసా మీదికి పోయింది.

"నీ డబ్బా కూడా మాకు పంచాను కదరా. నువ్వు చూస్తూ ఊరుకున్నావు. ఆ ముసల్ది తెలియని వాళ్ళకి పెట్టింది. నువ్వు తెలిసి పెట్టావు." ఆయన గొంతు పెంచలేదు. "పక్కన కూర్చుని ఇన్నాళ్ళు తిన్నాం. నీ జేబులో కారం సీసా ఉందని కూడా నాకు తెలియదు. ఇక నీ నాలిక మీద ఏం నమ్మమంటావ్?"

ఆ రోజు పోపట్ తెచ్చిన డబ్బాలు గేటు దగ్గరే ఎండలో ఉండిపోయాయి. వాచ్‌మన్ కుక్క వచ్చి వాసన చూసి పోయింది.

సోమవారం పన్నెండున్నరకి పదకొండు కొత్త డబ్బాలు వచ్చాయి. మూతలకి నీలం రంగు. ఆదివారం అంతా వామన్‌రావ్ వాళ్ళని వెంటేసుకుని తిరిగి, ఎక్కడో ఒక ముసలి దంపతుల ఇల్లు పట్టాడట. తినగా మిగిలింది ఎవరికి వారే బయట పడేసి, డబ్బా కడిగి మరీ పంపాలట. కడగని డబ్బా వాళ్ళు గుమ్మం దాటనివ్వరట. ఇదంతా భానుదాస్ పక్క మిషన్ వాడు ఇంకెవరితోనో చెబుతుంటే విన్నాడు. ఆ ఇల్లెక్కడో అతనికి ఎవరూ చెప్పలేదు.

భానుదాస్ కాగితం పొట్లం విప్పాడు. రోడ్డు పక్క బండి మీది వడాపావ్. నల్లబడ్డ నూనెలో వేయించినది. డాక్టరు వద్దన్నది, కాంట్రాక్టరు భయానికి ఇన్నాళ్ళూ ముట్టనిది, సరిగ్గా అదే. ఎదురుగా పదకొండు మందీ గుండ్రంగా కూర్చుని మూతలు తీశారు. వంకాయ వాసన వచ్చింది, వేడిగా, శుభ్రంగా.

కాసేపు చూసి, లేచి వెళ్ళి, జేబులోంచి కారం సీసా తీసి వాళ్ళ మధ్యలో పెట్టాడు. మూత కూడా తీశాడు.

"అమ్మ పంపింది అన్నా. అందరూ వేసుకోండి."

సోపాన్ సీసా వంక చూసి, వామన్‌రావ్ వంక చూశాడు. వామన్‌రావ్ ముద్ద కలుపుకుంటూనే తన డబ్బాను కొంచెం పక్కకి జరుపుకున్నాడు. మిగతావాళ్ళూ జరుపుకున్నారు. భోజనాలు అయ్యేదాకా సీసా అలాగే మధ్యలో ఉంది. ఎవరూ చెయ్యి పెట్టలేదు.